లైవ్‌లో 12 లక్షలు కొట్టిన కుర్రాడి డబ్బు ఎవరిది?

ప్రశ్న: మాది భీమవరం దగ్గర పల్లెటూరండి. మా తమ్ముడు ఇంజినీరింగ్ చదువుతున్నాడు. రోజూ రాత్రి ఒక తెలుగు కుర్రాడి లైవ్ చూస్తాడు, ఆ విమానం ఎగిరే ఆట. మొన్న నా కళ్ల ముందే ఆ కుర్రాడు 50 వేలు పెట్టి 12 లక్షలు కొట్టాడు. లైవ్‌లో ఎడిటింగ్ కుదరదు కాబట్టి ఇది నిజమేనంటాడు తమ్ముడు. చెరువు పట్టుబడి డబ్బులొచ్చాయని తెలిసి నన్ను 20 వేలు అడుగుతున్నాడు. ఇది నిజమా, మోసమా? వాడికి ఏం చెప్పాలి?

సమాధానం:

మాది పాలకొల్లండి. ఇక్కడికి తిరిగి రాకముందు విదేశంలో ఒక ఆన్‌లైన్ కాసినో సంస్థలో అఫిలియేట్ లెక్కలు చూసేవాణ్ణి. యూట్యూబర్లకు, స్ట్రీమర్లకు నెలాఖరున ఎంత ముట్టజెప్పాలో తేల్చే పని అది. అందుకని ఈ వ్యవహారం నాకు స్క్రీన్ వెనక వైపు నుంచి తెలుసు.

మీ తమ్ముడి మాటలో కొంత నిజం ఉంది. ఆ 24 ఎక్స్, అంటే పెట్టిన దానికి 24 రెట్లు, నిజంగానే వచ్చి ఉండొచ్చు. ఆ కుర్రాడు ఎడిటింగ్ చేయకపోయి ఉండొచ్చు. "అదంతా గ్రాఫిక్స్‌రా" అని మీరు వాదనకు దిగితే రేపు రాత్రి మీ పక్కనే కూర్చుని ఇంకో 24 ఎక్స్ చూపిస్తాడు, అక్కడితో మీ మాటకు విలువ పోతుంది. కాబట్టి గెలుపు నిజమేనని ఒప్పుకునే లెక్క మొదలుపెడదాం.

విమానం ఆట అంటే ఎక్కువగా ఏవియేటర్. స్ప్రైబ్ అనే సంస్థ చేసింది. విమానం ఎగిరేకొద్దీ ఎక్స్ పెరుగుతుంది, అది మాయమయ్యేలోపు క్యాష్ అవుట్ చేస్తే పందేనికి అన్ని రెట్లు వస్తాయి, లేకపోతే పందెం పోతుంది. ఆటగాళ్లు పెట్టిన ప్రతి వంద రూపాయల్లో సగటున 97 తిరిగి వస్తాయని ఆ సంస్థే చెబుతుంది. మిగిలిన 3 కాసినోది. ఈ 97ని మీరు కోరుకున్న ఎక్స్‌తో భాగిస్తే ఆ ఎక్స్ దాకా విమానం ఎగిరే అవకాశం వందకు ఎంతో వస్తుంది. 2 ఎక్స్‌కి 48.5. 24 ఎక్స్‌కి దాదాపు 4, అంటే సుమారుగా పాతిక రౌండ్లకు ఒకసారి. అదేమీ అపురూపమైన సంగతి కాదండి.

ఇప్పుడు ఆ కుర్రాడు రాత్రి మూడు గంటలు లైవ్ పెట్టాడనుకోండి. ఈ ఆటలో రౌండు కొన్ని సెకన్లలో అయిపోతుంది, గంటకు 150 రౌండ్లు అనుకుందాం. మొత్తం 450. ప్రతి రౌండుకూ 50 వేలు పెట్టి, ప్రతిసారీ 24 ఎక్స్ దగ్గరే క్యాష్ అవుట్ పెట్టుకున్నాడనుకోండి. ఆ రాత్రి అతను పందెం కాసిన మొత్తం 2 కోట్ల 25 లక్షలు. సగటున 18 సార్లకు కాస్త పైనే 24 ఎక్స్ తగులుతుంది. అంటే మీరు చూసినలాంటి 12 లక్షల గెలుపులు ఒక్క రాత్రిలో 18! అన్నీ కలిపితే 2 కోట్ల 18 లక్షల పైచిలుకు. అయినా లైవ్ ఆపేసరికి సగటు లెక్కలో అతను 6 లక్షల 75 వేలు పోగొట్టుకున్నవాడే.

సగటు అన్నాను కాబట్టి ఇంకో మాట కూడా చెప్పాలి. ఇంత పెద్ద ఎక్స్ మీద ఆడితే ఒక్కో రాత్రి ఫలితం ఆ సగటుకి అటో ఇటో 50 లక్షల దాకా ఊగడం మామూలే. కొన్ని రాత్రులు అతను నిజంగానే లాభంతో లేస్తాడు, ఆ వీడియోలే మీ దాకా వస్తాయి. నష్టపోయిన రాత్రి వీడియో ఛానల్‌లో ఉంచరు, లేదా అందులోంచి గెలిచిన నలభై సెకన్లు కోసి రీల్ చేస్తారు. దీనికి అబద్ధం ఆడాల్సిన పని లేదు, ఏది ఉంచాలో ఏది తీసెయ్యాలో ఎంచుకుంటే చాలు.

అయితే అసలు ప్రశ్న వేరే ఉంది. ఒక్క రాత్రిలో 50 లక్షలు అటూ ఇటూ ఊగినా చలించకుండా, అరుస్తూ నవ్వుతూ తర్వాతి రౌండుకు 50 వేలు పెట్టే పాతికేళ్ల కుర్రాడికి ఆ డబ్బు ఎక్కడిది?

దాన్నే మా ఆఫీసులో మార్కెటింగ్ బ్యాలెన్స్ అనేవాళ్లు. స్ట్రీమర్‌తో ఒప్పందం కుదిరాక అతని ఖాతాకు సిస్టమ్‌లో ఒక గుర్తు పెడతారు. మామూలు ఆటగాడి ఖాతాలో డబ్బు పడాలంటే బ్యాంకు నుంచో, యూపీఐ నుంచో రావాలి. ఈ గుర్తున్న ఖాతాలో మేనేజర్ ఒక అంకె టైప్ చేసి ఓకే నొక్కితే పడుతుంది. పది లక్షలు కావాలంటే పది లక్షలు. స్క్రీన్ మీద రెండు ఖాతాలూ ఒకేలా ఉంటాయి, రూపాయి గుర్తు, కామాలు, అన్నీ. తేడా ఉండేది లావాదేవీల పేజీలో. అక్కడ డిపాజిట్ అని ఉండాల్సిన చోట బోనస్ అనో, అడ్జస్ట్‌మెంట్ అనో ఉంటుంది. ఆ పేజీని లైవ్‌లో తెరిచి చూపించిన స్ట్రీమర్ నాకైతే తగల్లేదు.

ఆ పది లక్షలు పోతే కాసినోకి నష్టమేమీ లేదు, తన ఎడమ జేబులోది కుడి జేబులో పడినట్టే. గెలిచి యాభై లక్షలయితే? ఒప్పందాన్ని బట్టి ఉంటుంది. కొందరికి అసలు తీసుకునే వీలే ఉండదు, అంతా చూపించడానికే. కొందరికి గెలిచిన దాంట్లో కొంత శాతం ఇస్తారు. మరికొందరికి తమ సొంత డబ్బు వేసుకోమని చెప్పి, పోయిన దాంట్లో పెద్ద భాగం నెలాఖరున తిరిగి ఇస్తారు. ఈ మూడో రకం వాళ్లే "నేను నా డబ్బుతోనే ఆడుతున్నా, కావాలంటే డిపాజిట్ చూడండి" అని ధైర్యంగా అంటారు. వాళ్లు చెప్పేది నిజమే, నెలాఖరున వెనక్కి వచ్చేది మాత్రం చెప్పరు.

మన ప్రాంతం వాళ్లకు ఇది కొత్త సంగతి కాదండి. సంక్రాంతి బరుల పక్కన గుండాట బోర్డు పెడతారు కదా, పొద్దున్నే వచ్చి అందరికీ వినపడేలా కేకలేసి గెలిచేవాడు చాలాసార్లు బోర్డు వాడి మనిషే అని భీమవరంలో చిన్నపిల్లాడికి కూడా తెలుసు. అక్కడైతే వాణ్ణి గుర్తుపట్టి పక్కకు జరుగుతాం. ఫోన్‌లో అదే మనిషి తెలుగులో "బ్రో" అని పిలిచేసరికి గుర్తుపట్టలేకపోతున్నాం.

పెద్దగా చూస్తే ఈ డబ్బు ఏ స్థాయిలో ఉంటుందో అంచనాకు ఒక ఉదాహరణ. ట్రెయిన్‌రెక్స్ అనే పేరున్న అమెరికన్ స్ట్రీమర్ 2022 అక్టోబరులో తనంతట తానే చెప్పాడు, 16 నెలల్లో జూదం స్ట్రీమింగ్‌కు తనకు 36 కోట్ల డాలర్లు ముట్టాయని. అప్పటి లెక్కలో సుమారు 2,950 కోట్ల రూపాయలు. అదే నెల 18 నుంచి ట్విచ్ అనే లైవ్ వేదిక స్టేక్, రోల్‌బిట్, డ్యూయల్‌బిట్స్, రూబెట్ వంటి కాసినో సైట్ల ప్రసారాన్ని నిషేధించింది. ఆ తర్వాత కొన్ని నెలలకే కిక్ అనే కొత్త వేదిక వచ్చింది. దాని వెనక ఉన్నది స్టేక్ వ్యవస్థాపకులే. ప్రసారం చేసే వేదిక, ఆట ఆడించే కాసినో ఒకే ఇంటి మనుషులవయ్యాయన్నమాట.

మన తెలుగు కుర్రాళ్లకు కోట్లు రావు. వాళ్లకు వచ్చేది వీడియో కింద వివరణలో పెట్టే కోడ్ నుంచి. మీ తమ్ముడు ఆ కోడ్ కొట్టి ఖాతా తెరిస్తే, ఆ క్షణం నుంచి అతను ఆ స్ట్రీమర్ పేరు కింద నమోదవుతాడు. నెలాఖరున నేను చేసిన లెక్క ఇలా ఉండేది: ఆ కోడ్ కింద ఉన్నవాళ్లందరూ వేసింది ఎంత, వెనక్కి తీసుకున్నది ఎంత, మధ్యలో ఉన్న తేడా ఎంత. ఆ తేడాలో ఒప్పందం ప్రకారం వాటా. అంకెల్లో చెప్పుకుందాం. కోడ్ కింద 300 మంది చేరారు, ఒక్కొక్కరు సగటున 6 వేలు పోగొట్టుకున్నారు. మొత్తం 18 లక్షలు. వాటా 30 శాతమైతే స్ట్రీమర్‌కు 5 లక్షల 40 వేలు. ఆ నెల లైవ్‌లో అతను గెలిచాడా, ఓడాడా అన్నది ఈ లెక్కలో ఎక్కడా రాదు.

ఇంకొంచెం లోతుకు వెళ్తే కోడ్ కింద ఉన్నవాళ్లలో ఎవరైనా అదృష్టం కొద్దీ పెద్ద మొత్తం గెలిచి తీసేసుకుంటే ఆ నెల స్ట్రీమర్ వాటా తగ్గిపోతుంది. కొన్ని ఒప్పందాల్లో ఆ లోటు తర్వాతి నెలకు కూడా జరుగుతుంది. "మా బ్రో వల్ల నాకు 3 లక్షలొచ్చాయి" అని ఎవడో చాట్‌లో రాస్తే లైవ్‌లో చప్పట్లు కొడతారు. లోపల మాత్రం ఆ రోజు వాళ్లకు కష్టంగానే ఉంటుంది. అలాంటి నెలల్లో మాకు వచ్చే మెయిళ్లు నేను చదివాను, నవ్వాలో ఏడవాలో తెలియదు.

ఇక "ఆటే మోసమా?" అన్నది. అసలైన ఏవియేటర్‌లో రౌండు అందరికీ ఒకటే. ఆ స్ట్రీమర్ ఒక్కడి కోసం విమానాన్ని పైకి ఎగరేయడం కుదరదు. రౌండు అయ్యాక దాని ఫలితం మార్చలేదని సరిచూసుకునే ఏర్పాటు కూడా ఉంది. దాన్ని చూపించి "ప్రూవబ్లీ ఫెయిర్" అంటారు. నిజమే, అది రౌండు సంగతి చెబుతుంది. పందెం కాసిన డబ్బు ఎవరిదో చెప్పదు. పైగా టెలిగ్రామ్‌లో లింకు పంపి ఏపీకే ఫైలు వేసుకోమనే యాప్‌లలో చాలావరకు నకిలీలు. చూడ్డానికి అదే ఎర్ర విమానం, అదే నల్ల తెర. వెనక సర్వర్ మాత్రం వాళ్లది. అక్కడ ఎడమ పక్కన కనిపించే పందేల జాబితాలో పేర్లన్నీ కల్పితం కావచ్చు, స్ట్రీమర్‌కు ఏ రౌండు ఎంత దాకా వెళ్తుందో ముందే తెలిసి ఉండవచ్చు. ఇది ఊహ కాదు. 2016లో సీఎస్‌జీఓ డైమండ్స్ అనే సైట్ తన స్పాన్సర్ చేసిన స్ట్రీమర్‌కు ఫలితాలు ముందే చెప్పేదని ఆ సైట్ వాళ్లే ఒప్పుకున్నారు. అదే ఏడాది ఇద్దరు పేరున్న యూట్యూబర్లు సీఎస్‌జీఓ లాటో అనే సైట్‌లో గెలుస్తూ వీడియోలు పెట్టారు. తీరా చూస్తే ఆ సైట్ యజమానులు వాళ్లే. అమెరికాలో వినియోగదారుల రక్షణ చూసే ఎఫ్‌టీసీ 2017లో ఆ కేసును రాజీతో ముగించింది.

మీ తమ్ముడి 20 వేల దగ్గరికి వద్దాం. స్ట్రీమర్ పది లక్షల బ్యాలెన్స్‌తో 50 వేలు పెడితే అది 20 రౌండ్ల సరుకు. మీ తమ్ముడు 20 వేలతో వెయ్యి రూపాయలు పెట్టినా 20 రౌండ్లే. నిష్పత్తి ఒకటే, అందుకే "వాడి పద్ధతే నేనూ ఆడతా" అనిపిస్తుంది. ఆ 20 రౌండ్లలో ఒక్కసారి కూడా 24 ఎక్స్ తగలకపోయే అవకాశం వందకు 44. అంటే వందకు 56 సార్లు తగులుతుంది! మీరు ఊహించని మాటే ఇది, నాకు తెలుసు. మీ తమ్ముడు మొదటి రాత్రి 20 వేల కంటే ఎక్కువతో మీ దగ్గరికి వచ్చి "చూశావా" అనే అవకాశం సగం కంటే ఎక్కువ. మీరు "నీ డబ్బు మొదటి రోజే పోతుంది" అని చెప్పి ఉంటే అక్కడితో ఓడిపోయినట్టే.

తేడా ఆ తర్వాత కనిపిస్తుంది. వెయ్యి రూపాయల పందేనికి కాసినో వాటా 30 రూపాయలు. గంటకు 150 రౌండ్లయితే 4,500. గెలిచిన డబ్బూ మళ్లీ పందెంలోకే వెళ్తుంది కాబట్టి ఆ 3 శాతం మీరు వేసిన 20 వేల మీద పడదు, తిప్పిన మొత్తం మీద పడుతుంది. 20 వేలు ఆ లెక్కన సగటున నాలుగున్నర గంటల ఆట. కొందరికి ఒక్క గంటలో అయిపోతుంది, కొందరికి వారం సాగుతుంది. అయిపోయాక స్ట్రీమర్ మేనేజర్‌కు మెసేజ్ పెడతాడు, "టీ తాగొస్తా గైస్" అని ఐదు నిమిషాలు కెమెరా ఆపుతాడు, వచ్చేసరికి బ్యాలెన్స్ నిండి ఉంటుంది. మీ తమ్ముడు మీ దగ్గరికి వస్తాడు.

అందుకే మీరిద్దరూ ఒక పని చేయండి. డబ్బు ఇవ్వకముందు ఆ కుర్రాడి లైవ్ ఒకటి మొదటి నిమిషం నుంచి చివరి నిమిషం దాకా కలిసి చూడండి. మీ తమ్ముడి చేతికే నోటు పుస్తకం ఇవ్వండి. మొదలైనప్పుడు బ్యాలెన్స్ ఎంత, పది నిమిషాలకోసారి ఎంత, ఎప్పుడు కెమెరా ఆపాడు, తిరిగొచ్చాక ఎంత, ఇవి రాయమనండి. గెలుపులు రాయొద్దు, అవి ఎలాగూ గుర్తుంటాయి. మొదలయ్యే అంకె చక్కగా పది లక్షలో, పాతిక లక్షలో ఉంటే గమనించండి. సొంత డబ్బుతో నిన్న ఆడినవాడి ఖాతాలో 9,83,460 లాంటి అంకె ఉంటుంది. చాట్‌లో మర్యాదగా ఒక్క ప్రశ్న అడగమనండి: "బ్రో, ట్రాన్సాక్షన్స్ పేజీ ఒకసారి తెరుస్తారా?" చాలా చోట్ల ఆ మెసేజ్ మాయమవుతుంది, కొన్నిచోట్ల అడిగినవాడే బ్లాక్ అవుతాడు. తెరిచి చూపిస్తే మాత్రం డిపాజిట్లు ఏ రోజు, ఎంత, బ్యాంకులోకి వెనక్కి తీసుకున్నవి ఎంత అని కూడి చూడండి. నెలాఖరున తిరిగి వచ్చే డబ్బు ఆ పేజీలో కనపడదని మాత్రం గుర్తుంచుకోండి.

లైవ్‌లో ఎప్పటికీ చూపించనిది ఇంకొకటుంది, డబ్బు వేసే దారి. ఇవి మన దేశంలో నడవకూడని సైట్లు కాబట్టి వాటికి మామూలు కంపెనీ ఖాతా ఉండదు. డిపాజిట్ నొక్కితే ఎవరో వ్యక్తి పేరు మీదున్న యూపీఐ ఐడీ వస్తుంది, గంట తర్వాత చూస్తే ఇంకొకరిది. అద్దెకు తీసుకున్న ఖాతాలు అవి. విత్‌డ్రా చేసినప్పుడు మీ తమ్ముడి ఖాతాలో పడేది కూడా అలాంటి ఖాతా నుంచే. ఆ డబ్బు ఎక్కడో ఇంకో రాష్ట్రంలో మోసపోయినవాడిదైతే, వాడు సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేస్తే, ఆ డబ్బు వెళ్లిన దారిలోని ఖాతాలన్నీ పోలీసులు ఆపించేస్తారు. మీ తమ్ముడు గెలిచిన 5 వేల కోసం ఫీజు డబ్బున్న ఖాతా మొత్తం ఆగిపోయి, తెలియని ఊరి పోలీస్ స్టేషన్‌తో మాట్లాడాల్సి రావచ్చు.

చట్టం సంగతి క్లుప్తంగా. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను ఆంధ్రప్రదేశ్ 2020లోనే నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టంలో ఇలాంటి ఆట నడిపేవారికి మూడేళ్ల దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా. ప్రచారం చేసేవారికి రెండేళ్ల దాకా జైలు, 50 లక్షల దాకా జరిమానా. కోడ్ పెట్టి లైవ్ చేసే కుర్రాడు ఈ రెండో గుంపులోకి వస్తాడు. తన ఊరు, ముఖం దాచుకునేవాళ్లు పెరిగింది అందుకే అనుకుంటాను.

ఒకవేళ ఈపాటికే మీకు తెలియకుండా డబ్బు వేసి ఉంటే తిట్టకుండా అతని యూపీఐ స్టేట్‌మెంట్ మూడు నెలలది తీయించి కలిసి చూడండి. యాప్‌లో పెద్ద మొత్తం కనిపిస్తూ, "విత్‌డ్రా కావాలంటే 30 శాతం పన్ను ముందు కట్టాలి" అని మెసేజ్ వస్తే ఒక్క రూపాయి కూడా పంపొద్దు. ఆన్‌లైన్ గెలుపు మీద మన ఆదాయపు పన్ను 30 శాతమే, కానీ దాన్ని ఇచ్చే డబ్బులోంచి మినహాయిస్తారు తప్ప ముందుగా ఎవరి యూపీఐకో పంపమనరు. ఆ మెసేజ్ వచ్చిందంటే అది నకిలీ యాప్. స్క్రీన్‌షాట్లు, యూపీఐ లావాదేవీ నంబర్లు పెట్టుకుని వెంటనే 1930కి ఫోన్ చేయండి, లేదా cybercrime.gov.in లో ఫిర్యాదు పెట్టండి. ఎంత త్వరగా చేస్తే అవతలి ఖాతాలో డబ్బు ఇంకా మిగిలి ఉండే అవకాశం అంత ఎక్కువ. ఇంకొక్కటి అడిగి చూడండి: "నీ ఖాతా వాడుకోవడానికి ఇస్తే కమీషన్ ఇస్తాం" అని టెలిగ్రామ్‌లో ఎవరైనా అడిగారా అని. నేను పైన చెప్పిన అద్దె ఖాతాలు దొరికేది కాలేజీ కుర్రాళ్ల దగ్గరే. ఇచ్చి ఉంటే ఆ పాస్‌బుక్, ఏటీఎం కార్డు, సిమ్ వెనక్కి తెప్పించుకోవడం కుదిరినా కుదరకపోయినా, ఈరోజే బ్యాంకుకు వెళ్లి ఆ ఖాతాను ఆపించండి.